అల్పపీడనం, అరకు ప్లాన్, చిమిడిపల్లిలో ఆగిన మా రైలు

ప్రశ్న: ఈ రెండో శనివారం, ఆదివారం వైజాగ్ నుంచి అరకు వెళ్తున్నాం. అమ్మానాన్నలు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. అద్దాల పెట్టెలో టికెట్లు, కారు, రూము అన్నీ అయిపోయాయి, ఏ గంటకి ఎక్కడ ఉండాలో కూడా రాసుకున్నాను. ఇప్పుడేమో అల్పపీడనం అంటున్నారు. వానొస్తే మొత్తం పోయినట్టేనా? కేన్సిల్ చేసేయమంటారా? కొండల మీద వానలో ఇరుక్కున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

సమాధానం:

నేను 1983 నుంచి 2014 దాకా కొత్తవలస–కిరండూల్ లైన్లో పట్టాల గ్యాంగులో పనిచేశాను. గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమ్యాన్ అయ్యి, మేస్త్రీగా రిటైరయ్యాను. ముందు మీకు కావాల్సిన మాట చెప్పేస్తాను. వాతావరణ శాఖ అల్లూరి జిల్లాకి ఆరెంజ్ గానీ రెడ్ గానీ హెచ్చరిక పెడితే వెళ్ళొద్దు, రూము డబ్బులు పోయినా సరే. అలాంటిదేమీ లేకుండా ముసురు పట్టే మామూలు వాన అయితే వెళ్ళండి, కాకపోతే మీరు రాసుకున్న కాగితంలో సగం కొట్టేసి వెళ్ళండి. ఏ సగం కొట్టేయాలో మాకు ఎలా తెలిసిందో చెప్తాను. మా కుటుంబం కూడా మీలాగే ఆరుగురం, అది కూడా రెండో శనివారమే, మూడేళ్ళ కిందట డిసెంబరులో.

ప్లాన్ మా అబ్బాయిది. వాడు ఏ పనైనా శ్రద్ధగా చేస్తాడు. కంచరపాలెంలో మా ఇంటి దగ్గర ఆటో ఎక్కే టైము దగ్గర్నుంచి ఆదివారం రాత్రి తిరిగొచ్చే టైము దాకా ఒక కాగితానికి రెండు వైపులా రాశాడు. పొద్దున్న ఏడు లోపు బయల్దేరే కిరండూల్ రైలు, పది గంటలకి బొర్రాలో దిగడం, అక్కడికి కారు రావడం, గుహలకి గంటన్నర, జీపులో కటికి జలపాతం, భోజనం, గాలికొండ, చీకటి పడేలోపు అరకు మ్యూజియం. మర్నాడు తెల్లవారుజామున మాడగడలో మబ్బులు, తర్వాత చాపరాయి, పద్మాపురం తోట, సాయంత్రానికి కారులో ఇంటికి. చోటు చోటుకీ మధ్య పదిహేను నిమిషాలు కూడా వృథా పోకుండా కుదిర్చాడు.

కాగితం చదివాక నాకు ఒకటి అనిపించింది గానీ బయటికి అనలేదు. మా ఆవిడకి రెండు మోకాళ్ళూ నొప్పి. బొర్రాలో దిగడానికీ ఎక్కడానికీ మెట్లే, కటికికి జీపు దిగాక నడక, మాడగడ చీకట్లో ఎత్తు, చాపరాయి అంతా జారే బండలు. అంటే అన్ని చోట్లలో నాలుగింటి దగ్గర ఆవిడ కారులోనే కూర్చోవాలి. ఆవిడకీ ఆ సంగతి తెలుసు, "మీరెళ్ళి రండి, నేను డ్రైవరు బాబుతో కబుర్లు చెప్పుకుంటా" అని ముందే అనేసింది. మీ అమ్మగారికి కూడా ఇలాంటి ఇబ్బంది ఏదైనా ఉంటే, ఇప్పుడే మీ కాగితం తీసి ఆవిడ ఎన్ని చోట్ల కారులో కూర్చుంటారో లెక్కపెట్టండి.

ఆ కాగితంలో ఇంకో చిన్న వరుస ఉంది. "9:25, చిమిడిపల్లి, అమ్మ కిటికీలోంచి పిల్లలకి చూపిస్తుంది, 2 ని." చిమిడిపల్లి బొర్రాకి ముందు వచ్చే స్టేషను. పెళ్ళయిన కొత్తలో మాకు క్వార్టర్ ఇచ్చింది అక్కడే. ఆరేళ్ళు ఉన్నాం. మా అబ్బాయికి నాలుగేళ్ళు వచ్చేదాకా పెరిగింది ఆ ప్లాట్‌ఫారం పక్కనే, వాడికి పెద్దగా గుర్తులేదు. అసలు ఈ ప్రయాణం కారులో కాకుండా రైల్లో పెట్టింది ఆ వరుస కోసమేనని కోడలు తర్వాత చెప్పింది.

శనివారం పొద్దున్న వైజాగ్‌లో చినుకు లేదు. డిసెంబరు రెండో వారం కదా, ఎవరూ గొడుగు కూడా పెట్టుకోలేదు, ఒక్క మా ఆవిడ తప్ప. శృంగవరపుకోట దాటేసరికి తుంపర మొదలైంది. బొడ్డవర నుంచి అసలు ఎక్కుడు మొదలవుతుంది, అరవై అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, రైలుకి అది చాలా ఎక్కువ. శివలింగపురం వచ్చేసరికి అద్దాల పెట్టె పైకప్పు మీద నీళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. పిల్లలు సొరంగం వచ్చినప్పుడల్లా కేకలేస్తున్నారు. నేను మాత్రం పట్టాల పక్కనున్న కాలవనే చూస్తున్నాను, పాత అలవాటు.

ఈ కాలవ సంగతి మీకు కాస్త వివరంగా చెప్తాను, రైల్లో వెళ్ళినా కారులో వెళ్ళినా పనికొస్తుంది. ఆ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. బయటికి గట్టిగా కనిపిస్తుంది గానీ పగుళ్ళలోకి నీరు దిగి దిగి లోపల ఎర్రమట్టి అయిపోతుంది, ఆ మట్టి తడిసి బరువెక్కితే పైనున్న బండ జారుతుంది. దారి కోసం కొండని కోసిన చోట, మేం కటింగ్ అంటాం, అక్కడ పక్క కాలవలో నీళ్ళు తేటగా పారుతుంటే పెద్దగా భయం లేదు. ఉన్నట్టుండి ఎర్రగా, చిక్కగా మారితే పైన ఎక్కడో మట్టి కదులుతోందని అర్థం. అంతకంటే చెడ్డది, వాన కురుస్తూనే ఉండి కాలవలో నీళ్ళు ఒక్కసారిగా తగ్గిపోవడం. అప్పుడు పైన మట్టి అడ్డంపడి నీరు దాని వెనక నిలబడిందన్నమాట. చిన్నచిన్న రాళ్ళు ఒకటీ రెండూ దొర్లుతుంటే పెద్దది రావడానికి ముందు గుర్తు. వాన ఆగిందని వెంటనే నిశ్చింతగా ఉండకూడదు, తడిసిన కొండ చాలాసార్లు వాన తగ్గాకే జారుతుంది.

టైడా దాటాక కాలవ ఎర్రబడింది. నేను ఎవరికీ చెప్పలేదు. చిమిడిపల్లి రాగానే రైలు ఆగింది. రెండు నిమిషాలు అయ్యాయి, పది అయ్యాయి, కదల్లేదు.

వర్షాకాలంలో అయితే ఆ లైన్లో రోజూ పెట్రోలింగ్ ఉంటుంది, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి నడవాలో టైము ప్రకారం రాసి ఉంటుంది. డిసెంబరులో ఆ చార్టు ఉండదు. కానీ మా రూలు పుస్తకంలో ఒక సంగతి ఉంది, కాలం కాని కాలంలో పెద్ద వాన పడితే మేస్త్రీ ఎవరి ఆర్డరూ కోసం చూడకుండా తనంతట తానే మనుషుల్ని లైను మీదికి పంపాలి. ఆ రోజు అక్కడి మేస్త్రీ అదే చేశాడు. ముందు కటింగ్‌లో పట్టా పక్కన మట్టి, మూడు నాలుగు రాళ్ళు పడి ఉండటం ఒక కుర్రాడు చూశాడు. ఎర్రజెండా పాతి, దూరంగా పట్టా మీద పటాసులు కట్టి (ఇంజను చక్రం ఎక్కితే పేలి డ్రైవరుకి వినిపించేవి), స్టేషనుకి కబురు పెట్టాడు. రాళ్ళు తీసి, పైనున్న వదులు బండల్ని గునపాలతో దొర్లించి, ఇంజనీరు చూసి సరే అనేదాకా రైలు కదలదు. ఇదంతా స్టేషను దగ్గర ఉన్న మా పాత గ్యాంగు మనిషి ఒకతను నన్ను గుర్తుపట్టి, "మేస్త్రీ గారూ, రెండు గంటలు పైనే పట్టుద్ది" అని చెప్తే తెలిసింది.

రైలు స్టేషన్లో ఆగితే భయపడాల్సిన పని లేదు, అక్కడ ఆపారంటే ముందే తెలిసి ఆపారని. స్టేషన్ల మధ్యలో, కటింగ్‌లోనో వంతెన మీదో ఆగితే మాత్రం ఎంతసేపైనా సరే దిగకండి, పిల్లల్ని తలుపు దగ్గరికి పోనివ్వకండి.

మా అబ్బాయి ముఖం చూడలేకపోయాను. ఫోను సిగ్నల్ వచ్చీ రాకుండా ఉంది, కారు డ్రైవరుకి ఫోను కలవడం లేదు. కాగితం ఒళ్ళో పెట్టుకుని పెన్నుతో టైములు దిద్దుతున్నాడు. గుహలకి గంటన్నర బదులు ముప్పావు గంట అన్నాడు. కాసేపాగి కటికి కొట్టేశాడు. ఇంకాసేపాగి, భోజనం కారులోనే తినేద్దాం అన్నాడు. పిల్లలు ఆ టెన్షన్ చూసి నోరు మూసుకుని కూర్చున్నారు. అప్పుడు మా ఆవిడ గొడుగు తీసింది. "ఆగింది కదరా, దిగుదాం రా. రెండు నిమిషాలన్నావు, ఇప్పుడు బోలెడంత టైముంది" అంది.

వాన సన్నబడింది. నలుగురు గొడుగు కింద, నేనూ వాడూ తువ్వాళ్ళు కప్పుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాం. మేమున్న క్వార్టర్‌కి ఇప్పుడు పైకప్పు లేదు, లోపల పిచ్చిమొక్కలు. గోడలు, గుమ్మం, పొయ్యిగట్టు ఉన్నాయి. మెట్టు ఒక్కటే, మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఎక్కేసింది. వెనకాల ఆవిడ పాతిన పనస చెట్టు మా ఇంటికంటే ఎత్తు పెరిగి, మొదట్లోనే పిందెలు పెట్టి ఉంది. అది చూసి ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత మాట్లాడటం మొదలుపెట్టి ఆపలేదు. ఇక్కడ బజారు లేదు, ఉప్పు అయిపోతే రైలెక్కి శృంగవరపుకోటకి వెళ్ళాలి అని చెప్పింది. గార్డు గారికి డబ్బులిచ్చి పాలపొడి డబ్బా తెప్పించుకోవడం, పైనుంచి ఇనుప రాయి నింపుకుని దిగే గూడ్సు బ్రేకుల వాసన ఇల్లంతా నిండటం, మా అబ్బాయి ప్లాట్‌ఫారం అంచున అడుగులు నేర్చుకుంటుంటే వాడి నడుముకి చీర కొంగు కట్టి పట్టుకోవడం. వాడు అక్కడే, ఆ పొయ్యిగట్టు మీద కూర్చుని వింటున్నాడు. ఈ మాటలు ఇంట్లో ఎప్పుడూ రాలేదని కాదు, ముక్కలుగా వచ్చేవి, ఎవరో ఫోను చేయడంతోనో కుక్కరు కూతతోనో ఆగిపోయేవి.

మనవడు పదేళ్ళవాడు, వాడు నన్ను అడిగాడు, తాతయ్యా నువ్వు రాత్రిపూట ఆ సొరంగంలోకి ఒక్కడివే వెళ్ళేవాడివా అని. అవును, చేతిలో లాంతరు, భుజాన పటాసులు, ఈల. సొరంగంలో ఉండగా రైలొస్తే ఏం చేస్తావని అడిగాడు. సొరంగం గోడలో అక్కడక్కడా మనిషి నిలబడేంత గూళ్ళు ఉంటాయి నాన్నా, దగ్గర్లో ఉన్న గూట్లోకి వెళ్ళి గోడకి అతుక్కుపోవాలి అని చెప్పాను. అప్పుడు మా ఆవిడ ఒక రాత్రి సంగతి చెప్పింది. వాయుగుండం వాన, నేను లైను మీదికి వెళ్ళాను, రావాల్సిన టైముకి రాలేదు. అబ్బాయికి జ్వరం. వాణ్ణి భుజాన వేసుకుని ఈ గుమ్మంలోనే నిలబడి సొరంగం నోటి వైపు చూస్తూ ఉందట, లాంతరు వెలుగు కనిపించేదాకా. తెల్లారగట్ల కనిపించింది. నాకు ఆ రాత్రి గుర్తుంది గానీ నా వైపు నుంచే గుర్తుంది, ఒక బండ పక్కన జెండా పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ గుమ్మంలో నిలబడిందని ఇన్నేళ్ళలో నాకు కూడా తెలీదు.

మా అబ్బాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండు గంటల నలభై నిమిషాలు ఆగాం. రైల్లో అమ్మే ఇడ్లీలు అక్కడికే తెచ్చుకుని గోడ మీద పెట్టుకుని తిన్నాం. కదిలాక ఆ కటింగ్ దగ్గర మనిషి నడిచే వేగంతో పోయింది, రెయిన్‌కోటు వేసుకున్న కుర్రాడు పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు, పిల్లలిద్దరూ లేచి చెయ్యి ఊపారు. బొర్రాలో దిగేసరికి పన్నెండున్నర దాటింది. కారు అక్కడే ఉంది.

మీకు అసలు పనికొచ్చేది ఇక్కడి నుంచి. బొర్రా స్టేషన్ బయట నిలబడి మేం ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనుకున్నాం. వాన పడ్డ రోజు నీళ్ళూ బండలూ ఉన్న చోట్లు ముందు తీసేయాలి. కటికి తోవ బురద, జారుతుంది. చాపరాయి చూడ్డానికి లోతు లేనట్టే ఉంటుంది, పైన ఎక్కడో కురిసిన నీరు కాసేపటికి కిందికి వస్తుంది, బండ మీద పాచి ఉంటుంది, మనుషులు పోయారక్కడ. వాన పడ్డ రోజూ, ఆ మర్నాడూ పిల్లల్ని ఆ నీళ్ళలోకి దింపకండి, గట్టు మీద ఎంతమంది ఉన్నా సరే. గుహల్లో లైట్లు, రెయిలింగు ఉంటాయి, అయినా తడి మెట్లు పెద్దవాళ్ళకి కష్టం, అదీ వద్దనుకున్నాం.

ఇంకొకటి ఘాట్ రోడ్డు. అనంతగిరి నుంచి గాలికొండ, సుంకరిమెట్ట మీదుగా అరకు వెళ్ళే రోడ్డు మీద వాన తర్వాత మంచు దిగుతుంది, సాయంత్రం నాలుగు దాటితే బానెట్ ముందు కూడా కనిపించదు. మా డ్రైవరు ఆ ఊరివాడే, "బాబూ, మూడున్నరకి అరకులో ఉండాలి, తర్వాత నేను నడపను" అన్నాడు. అలా చెప్పే డ్రైవరు దొరికితే ఆయన మాటే వినండి. వాన తర్వాత కొండ వైపు అంచున కారు ఆపి ఫోటోలు తీసుకోవద్దు, కాలవ గురించి చెప్పింది గుర్తుపెట్టుకుని, రోడ్డు వెడల్పుగా ఉండి పైన చెట్లు నిలువుగా ఉన్న చోట మాత్రమే ఆపండి.

మూడింటికి అరకు చేరి రూములో దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం, అంతే. మాడగడకి తెల్లవారుజామున అబ్బాయీ మనవడూ మాత్రం వెళ్ళొచ్చారు. మిగతావాళ్ళం హాయిగా నిద్రపోయాం. ఆదివారం ఎండ వచ్చింది. పొద్దున్న గిరిజన మ్యూజియంలో రెండు గంటలు ఉన్నాం, అక్కడ మా ఆవిడ అందరికంటే ముందు నడిచింది, వాళ్ళు పెట్టిన విసుర్రాళ్ళు, బుట్టలు చిమిడిపల్లిలో మా పక్కింటామె దగ్గర ఉన్నవే కావడంతో పిల్లలకి ఒక్కొక్కటీ ఎలా వాడతారో చెప్పింది. తర్వాత రోడ్డు పక్కన ఒక కాఫీ తోట దగ్గర ఆగాం. డిసెంబరు కాఫీ పళ్ళు కోసే నెల, గుజ్జు తీసిన గింజలు కళ్ళంలో ఆరబెట్టేవాళ్ళు నిన్నటి వానకి టార్పాలిన్లు కప్పి, ఆ పొద్దున్నే తీసి మళ్ళీ నెరుపుతున్నారు. గింజ తడిస్తే బూజు పట్టి రుచి పోతుంది, వాళ్ళకి ఆ వాన నష్టమే, అది కూడా పిల్లలకి చూపించాం. మనవరాలు వాళ్ళతో కలిసి గింజలు నెరిపింది.

ఇలా మాడగడ తప్పిస్తే ఆరుగురం ఒక్క చోట కూడా విడిపోలేదు. వాన పడకపోతే కాగితం ప్రకారం అన్నీ చూసేవాళ్ళమే, మా ఆవిడ డ్రైవరు బాబుతో కబుర్లు చెప్తూ ఉండేది, చిమిడిపల్లి రెండు నిమిషాల్లో కిటికీ దాటిపోయేది. మా అబ్బాయి ఏ వరుస కోసమైతే రైలు బుక్ చేశాడో ఆ ఒక్క వరుసనీ వాన నిలబెట్టింది.

మీకు నేను చెప్పేది, ఆ కాగితంలో అందరూ కలిసి చేయగలిగేవి రెండు ఉంచండి, రోజుకొకటి. మిగతావి పక్కన "వానయితే లేదు" అని రాసుకోండి. రైలు ఆలస్యమైతే కారు ఎంతసేపు ఆగుతుందో, దానికి ఎంత తీసుకుంటారో ఇప్పుడే మాట్లాడుకోండి, కొండ మీద ఫోను కలవదు. గొడుగులు మనిషికొకటి, ఒక పూటకి సరిపడా తిండి, పిల్లలకి పొడి బట్టలు ఒక జత చేతిసంచిలో ఉండాలి, డిక్కీలో కాదు. అమ్మానాన్నలకి ఆ దారిలో తెలిసిన ఊరు ఏదైనా ఉందేమో అడగండి.

మేం తిరిగి కారులో రావాల్సింది. ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ రైల్లోనే వెళ్దామంది. రిజర్వేషను లేదు, మామూలు పెట్టెలో ఎక్కాం, నాకూ ఆవిడకీ ఎవరో కుర్రాళ్ళు లేచి చోటిచ్చారు. చిమిడిపల్లిలో మామూలుగానే ఆగింది. నిన్నటి కుర్రాడు ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. మనవడు కిటికీలోంచి అరటిపళ్ళ సంచి అందించి, "అన్నా, మా తాతయ్య కూడా ఇక్కడే చేశారు" అన్నాడు. ఆ కుర్రాడు నా వైపు చూసి చెయ్యెత్తి దండం పెట్టాడు. రైలు కదిలింది.